మీ గ్రోత్ ప్యాకేజీపై ఫిర్యాదు, నా 6,500 రూపాయల వాపసు గురించి

మేనేజర్ గారికి,

నేను విశాఖపట్నం పెదజాలారిపేటలో ఉంటాను, చేపల వంటల మీద చిన్న యూట్యూబ్ ఛానెల్ నడుపుతున్నాను. పోయిన నెల మీ గ్రోత్ ప్యాకేజీకి 6,500 రూపాయలు కట్టాను. ఫోన్లో మాట్లాడిన మీ అబ్బాయి "యాడ్స్ వేసి నిజమైన జనాన్నే తెస్తాం మేడం" అన్నాడు.

తొమ్మిది రోజుల్లో సబ్‌స్క్రైబర్లు 640 నుంచి 1,690 అయ్యారు. ఆ వారమే పెట్టిన వంజరం పులుసు వీడియోకి 9,000 వ్యూస్ వచ్చాయి. సంతోషంగా యూట్యూబ్ స్టూడియో తెరిస్తే సగటున ఒక్కొక్కరు చూసింది 22 సెకన్లు! ఎనిమిది నిమిషాల వీడియో అది, 22 సెకన్లకి నేను ఇంకా చేప ముక్కలు కడుగుతూనే ఉన్నాను. లెక్క కడితే 9,000 వ్యూస్‌కి వచ్చింది 55 గంటలు. అంతకుముందు 400 మంది చూస్తే 24 గంటలు వచ్చేవి, ఎందుకంటే వాళ్లు మూడున్నర నిమిషాలు పైనే కూర్చుని చూసేవారు.

ట్రాఫిక్ సోర్స్‌లో దాదాపు అన్నీ External అని ఉన్నాయి. మీరు యూట్యూబ్ యాడ్స్ వేసి ఉంటే YouTube advertising అని కనిపించాలి, ఖర్చు లెక్క మీ దగ్గర ఉండాలి. అడిగితే చూపించలేదు. పైగా యాడ్ ద్వారా వచ్చిన గంటలు మానిటైజేషన్‌కి కావలసిన 4,000 గంటల్లో కలవవు, ఆ సంగతి కూడా డబ్బు కట్టేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

ఇది చాలనట్టు నన్ను 40 మంది ఉన్న ఒక టెలిగ్రామ్ గ్రూపులో చేర్చారు. అందరికీ సబ్‌స్క్రైబ్ చేసి, రోజూ అందరి వీడియోలూ రెండు నిమిషాలు చూసి కామెంట్ పెట్టాలట, వాళ్లూ నాకు అలాగే చేస్తారట. వచ్చినవన్నీ "సూపర్ సిస్". ఇంతకుముందు నా కామెంట్లలో "చింతపండు బదులు మామిడికాయ వేస్తే ఎంత వెయ్యాలి అక్కా" అని అడిగేవాళ్లు, ఇప్పుడు ఆ ప్రశ్నలు ఈ పొగడ్తల కింద పడిపోయాయి. ఇలా మాట్లాడుకుని ఒకరికొకరు సబ్‌స్క్రైబ్ చేసుకోవడం యూట్యూబ్ నిబంధనలకి విరుద్ధం. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెల్ మొత్తం పోతుంది. ఆ టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు.

పదిహేను రోజులకి యూట్యూబ్ 780 మంది సబ్‌స్క్రైబర్లని తీసేసింది.

మా వీధిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే తమ్ముడు నా పాస్‌వర్డ్ అడగలేదు, ఇన్ని వ్యూస్ తెస్తానని మాట ఇవ్వలేదు. గ్రాఫ్ చూసి, 40వ సెకను దగ్గర జనం వెళ్లిపోతున్నారు, అక్కడ మాటలు ఎక్కువయ్యాయి అక్కా అన్నాడు. అవి కోసేసి, ఉడికిన పులుసుని మొదట్లోనే చూపించాం. సాయమంటే నేను అనుకున్నది అలాంటిది.

నా 6,500 వారం లోపు వెనక్కి ఇవ్వండి. సబ్‌స్క్రైబర్లని ఎక్కడి నుంచి తెచ్చారో రాసి ఇవ్వండి. ఇంకా పంపాల్సిన వ్యూస్ ఏమైనా ఉంటే ఈ రోజే ఆపేయండి. ఆ గ్రూపు నుంచి నేను బయటికి వచ్చేశాను, మళ్లీ చేర్చకండి. వారంలో జవాబు రాకపోతే పేమెంట్ రసీదు, మీ మెసేజ్‌లు, స్క్రీన్‌షాట్లు పట్టుకుని వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను.

ఇట్లు,
మీ కస్టమర్, విశాఖపట్నం