కంచరపాలెం మెడికల్ షాపు తమ్ముడికీ, మరికొందరికీ కృతజ్ఞతలు

కడుపులో క్రిమి ఉందో లేదో ఊపిరిని బట్టి చెప్పే బ్రెత్ టెస్టు రిపోర్టు నిన్న చేతికొచ్చింది. నెగెటివ్. సంక్రాంతి తర్వాత మొదలైన నా కడుపునొప్పి కథ ఇన్నాళ్లకి ముగిసింది. పేర్లు రాస్తే ఒప్పుకోని మనుషులు కాబట్టి పేర్లు లేకుండానే రాస్తున్నాను.

నాది గాజువాక వైపు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. రాత్రి రెండింటికి పొట్ట పైభాగంలో మంట, తవ్వినట్టు నొప్పి. రెండు బిస్కెట్లు తింటే సర్దుకునేది, ఖాళీ అవగానే మళ్లీ. మా అమ్మ తప్పంతా ఆవకాయ మీద వేసింది. ఎండోస్కోపీలో చిన్నపేగు మొదట్లో పుండు కనిపించింది. లోపలినుంచి గింజంత ముక్క తీసి పసుపురంగు మందున్న చిన్న గుంటలో వేశారు. కాసేపటికి అది గులాబీరంగుకి తిరిగింది. హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా ఉన్నట్టు గుర్తు. అది యూరియాని విరగ్గొట్టి అమ్మోనియా తయారుచేస్తుంది, ఆ అమ్మోనియాతోనే చుట్టూ ఉన్న యాసిడ్‌ని చల్లార్చుకుని బతుకుతుంది. ఆ అమ్మోనియావల్లే రంగు మారుతుందట. పాపం ఆవకాయ!

14 రోజుల కిట్ రాశారు. రోజుకొక స్ట్రిప్పు: యాసిడ్ తగ్గించే మాత్ర, అమాక్సిసిలిన్, క్లారిత్రోమైసిన్ అనే రెండు యాంటీబయాటిక్స్. నాలుగో రోజుకే నొప్పి మాయం. నోట్లో మాత్రం రాగిచెంబు నాకినట్టు చేదు. ఏడో రోజు రాజాంలో బావమరిది పెళ్లి. భోజనం రుచించక స్ట్రిప్పులు సంచిలోనే ఉంచేశాను, వచ్చాక కూడా ముట్టలేదు. ఎనిమిది స్ట్రిప్పులు అలమరలో మిగిలాయి. ఈ తప్పు పూర్తిగా నాదే.

ఏప్రిల్లో నొప్పి తిరిగొచ్చింది. షాపులో యాసిడ్ తగ్గించే పాంటాప్రజోల్ మాత్ర కొనుక్కుని పొద్దున్నే వేసుకోవడం మొదలుపెట్టాను. అనుమానం తీరక ఒక ల్యాబులో మలపరీక్ష చేయించుకుంటే నెగెటివ్ వచ్చింది. ఏం మాత్రలు వాడుతున్నారని అక్కడ ఎవరూ అడగలేదు. క్రిమి పోయింది, ఇది ఒట్టి గ్యాసే అనుకుని ఇంకో రెండు నెలలు గడిపాను.

ఇక్కడే మా వీధి మెడికల్ షాపు తమ్ముడు అడ్డుపడ్డాడు. మూడోసారి పాంటాప్రజోల్ అడిగితే స్ట్రిప్పు చేతిలో పెట్టకుండా, "ఏటన్నయ్యా, నెలనెలా ఇదే పట్టుకెళ్తున్నావు? అసలు రోగం ఏటి?" అన్నాడు. నా గొప్ప రిపోర్టు ఫోనులో చూపించాను. "టెస్టు ఇచ్చిన రోజు ఈ గ్యాస్ మాత్ర వేసుకున్నావా?" అన్నాడు. వేసుకున్నాను. "అయితే ఈ నెగెటివ్‌ని నమ్మకు. పెద్ద డాక్టరమ్మ దగ్గరికెళ్లు, ఆ మిగిలిపోయిన స్ట్రిప్పులు కూడా పట్టుకెళ్లు" అన్నాడు. అమ్ముకోవాల్సిన మాత్ర అమ్మకుండా పంపించాడు. ముందుగా దండం పెట్టాల్సింది అతనికే.

డాక్టరు గారు తిట్టలేదు. స్ట్రిప్పులు లెక్కపెట్టి, "నొప్పి తగ్గించిన మాత్ర వేరు, క్రిమిని చంపే మాత్రలు వేరు. మీరు మొదటిదాని మాట విని రెండోవి మానేశారు" అన్నారు. యాసిడ్ తగ్గగానే పుండుకి మంట ఉండదు. క్రిమి మాత్రం కడుపు గోడమీది జిగట పొరలో దాక్కుని ఉంటుంది. మందు అక్కడిదాకా చేరడం కష్టం. పైగా అన్నీ ఒకేసారి పెరగవు, కొన్ని మందకొడిగా పడి ఉంటాయి. అమాక్సిసిలిన్ దెబ్బ పెరిగే వాటిమీదే బాగా పడుతుంది. ఆరు రోజుల్లో బలహీనమైనవి పోతాయి, మందుకి తట్టుకోగలిగినవి మిగిలి మళ్లీ సంసారం పెడతాయి. అందుకే ఒకసారి వాడి విఫలమైన క్లారిత్రోమైసిన్‌ని మళ్లీ రాయరట. నా ఎనిమిది స్ట్రిప్పులు చెత్తే అన్నమాట.

ల్యాబు సంగతి కూడా చెప్పారు. పాంటాప్రజోల్ వాడుతుంటే క్రిముల సంఖ్య పరీక్షకి అందనంతగా పడిపోవచ్చు, చావవు. అందుకని ఆ మాత్ర రెండు వారాలు, యాంటీబయాటిక్సూ, బిస్మత్ అనే మందూ నాలుగు వారాలు ఆపి పరీక్ష చేయాలి. నల్లవిరేచనం, రక్తపు వాంతి, కళ్లు తిరగడం ఏవీ లేవని గుచ్చిగుచ్చి అడిగాకే, పాంటాప్రజోల్ ఆపించి మంటకి యాంటాసిడ్ జెల్ మాత్రం ఇచ్చారు. రెండు వారాల తర్వాత పరగడుపున ఒక సంచిలోకి ఊది, యూరియా కలిపిన నీళ్లు తాగి, అరగంట కూర్చుని మరో సంచిలోకి ఊదాను. ఆ యూరియాలోని కార్బన్‌కి గుర్తు పెట్టి ఉంటుంది. క్రిమి ఉంటే యూరియాని విరగ్గొడుతుంది, ఆ గుర్తున్న కార్బన్ డయాక్సైడ్ ఊపిరిలో బయటపడుతుంది. నాది పాజిటివ్.

రెండో కోర్సు పెద్దది: యాసిడ్ మాత్ర రెండు పూటలా, బిస్మత్ నాలుగుసార్లు, టెట్రాసైక్లిన్ నాలుగుసార్లు, మెట్రోనిడజోల్ మూడుసార్లు. రోజుకి 13, పద్నాలుగు రోజులకి 182. మా ఆవిడ గోడ క్యాలెండరు వెనక గళ్లు గీసి, మింగినప్పుడల్లా నా చేతే టిక్కు పెట్టించింది. టెట్రాసైక్లిన్‌తో పాలు పడవు. అందులోని కాల్షియం మందుని పట్టేసుకుంటుంది, ఒంటికి ఎక్కనివ్వదు. నైట్ డ్యూటీలో టీ లేకుండా ఎలా? క్యాంటీన్ బాబాయి పద్నాలుగు రోజులూ నాకు విడిగా అల్లంతో డికాషన్ కాచి ఇచ్చాడు. మా బ్యాచ్‌లో ఒకతను నా నైట్లు కొన్ని తను తీసుకున్నాడు, వేళకి మాత్రలు పడాలని. వాళ్లిద్దరికీ రుణపడ్డాను.

మూడో రోజు పొద్దున బాత్రూంలో చూసుకుంటే మలం బొగ్గులా నల్లగా ఉంది. గుండె జారిపోయింది. డాక్టరు గారు హెచ్చరించింది ఇదే కదా అని తమ్ముడికి ఫోను కొట్టాను. "తారులా జిగటగా, బాగా కంపుగా ఉందా? నీరసం, కళ్లు తిరగడం?" అన్నాడు. ఏవీ లేవన్నాను. "బిస్మత్‌కి అలాగే అవుతాది. నాలుక చూసుకో." అద్దంలో చూసుకుంటే నాలుకా నల్లగానే ఉంది! అయినా "ఒక మాట డాక్టరమ్మకి చెప్పేయి" అన్నాడు. ఆవిడా అదే చెప్పారు, కోర్సు ఆపొద్దన్నారు. వాళ్లిద్దరూ అలా చెప్పకపోయుంటే నేను ఆ రోజే రెండోసారి మానేసేవాణ్ణి.

ఎనిమిది, తొమ్మిది రోజులు నిజంగా గడ్డుగా గడిచాయి. నోరంతా ఇనుము వాసన, వాంతి వచ్చినట్టు ఉండేది. పక్కింటి పిన్నిగారు పొద్దున్నే జావ, మజ్జిగ లేకుండా, తెచ్చిపెట్టేవారు. ఎందుకు మజ్జిగ వద్దో ఆవిడకి మా ఆవిడ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

చివరి టిక్కు పెట్టాక నాలుగు వారాలు ఆగి, మళ్లీ ఊదాను. నిన్న ఆ కాగితం తీసుకుని, మిఠాయి పొట్లంతో తమ్ముడి షాపుకి వెళ్లాను. కౌంటరు మీద పెట్టి చూశాడు. నవ్వలేదు.

"గ్యాస్ మాత్ర ఎప్పుడు ఆపావు అన్నయ్యా?"

కోర్సు అయిన రోజే అన్నాను. వేళ్ల మీద వారాలు లెక్కపెట్టుకున్నాడు. అప్పుడు పొట్లం విప్పాడు.