వడ్డీ ఒక్కటే, జబ్బులు రెండు

సంపాదకుడు గారికి,

నమస్కారం. రిజర్వు బ్యాంకు పరపతి సమీక్ష దగ్గర పడినప్పుడల్లా మీ లేఖల పేజీలో రెండు రకాల ఉత్తరాలు కనిపిస్తుంటాయి. వ్యాపారాలు సాగడం లేదు, వడ్డీ తగ్గించండి అని కొందరు రాస్తారు. ధరలు మండిపోతుంటే రిజర్వు బ్యాంకు ఏం చేస్తోందని ఇంకొందరు అడుగుతారు. మామూలు రోజుల్లో ఈ రెండు కష్టాలూ కలిసి రావు. గిరాకీ లేక పనులు మందగిస్తే ధరలు కూడా చల్లబడతాయి. పనులూ పడిపోయి ధరలూ పెరిగే రోజులు వస్తే దాన్ని స్టాగ్‌ఫ్లేషన్ అంటారు. ఆ మాటను 1965లో బ్రిటన్ పార్లమెంటులో ఇయన్ మెక్లౌడ్ అనే సభ్యుడు వాడాడు. అలాంటి రోజుల్లో వడ్డీ తగ్గించమని అడగడంలో ఉన్న ప్రమాదం గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో చిన్న పరిశ్రమల అప్పులు చూసినవాణ్ణి కాబట్టి, ముందు ఒక షెడ్డు లోపలి లెక్క చెబుతాను.

ఆటోనగర్‌లో ఇనుప విడిభాగాలు చేసే ఒక చిన్న వర్క్‌షాపు అనుకోండి. యజమానికి బ్యాంకు ఇచ్చిన క్యాష్ క్రెడిట్ లిమిట్, అంటే సరుకు కొనడానికి వాడుకోగల అప్పు హద్దు, 10 లక్షలు. టన్ను ఇనుము 50 వేలున్నప్పుడు ఆ డబ్బుతో 20 టన్నులు తెచ్చుకునేవాడు. ఎక్కడో చమురు ఆగింది, కరెంటు చార్జీ పెరిగింది, లారీ కిరాయి పెరిగింది, ఇనుము 62,500 అయింది. ఇప్పుడు అదే 10 లక్షలకు 16 టన్నులే వస్తాయి. సరుకు తక్కువ చేస్తాడు, చేసినదాన్ని ఎక్కువకు అమ్ముతాడు, ఇద్దరు కుర్రాళ్లను వచ్చే నెల నుంచి రావద్దంటాడు. ఉత్పత్తి తగ్గింది, ధర పెరిగింది, ఉద్యోగం పోయింది. ఈ మూడూ ఒకే షెడ్డులో, ఒకే కారణంతో జరిగాయి.

ఇలాంటి మనిషి నా టేబుల్ ముందు కూర్చుని, "లిమిట్ పెంచండి సార్" అని అడిగిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఒక్కడికి పెంచితే అతనికి మేలే. దేశమంతా అందరికీ పెంచితే, అంటే వడ్డీ తగ్గించి డబ్బు తేలిక చేస్తే, అందరూ కలిసి అదే కొద్దిపాటి ఇనుము కోసం పోటీపడతారు. ఇనుము 70 వేలకు వెళ్తుంది. పోనీ వడ్డీ పెంచితే? అతను 14 టన్నులతో సరిపెట్టుకుంటాడు, ఇంకొక కుర్రాడు ఇంటికి పోతాడు. వడ్డీ రేటు గిరాకీని పెంచగలదు, తగ్గించగలదు. గనిలోంచి ఇనుమును గానీ, బావిలోంచి చమురును గానీ అది బయటికి తీసుకురాలేదు. కేంద్ర బ్యాంకు ఇరుక్కునేది ఇక్కడే.

దీన్ని నిజంగా అనుభవించిన దేశం 1970లలోని అమెరికా. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపేశాయి. కొన్ని నెలల్లోనే పీపా ధర మూడు డాలర్ల దగ్గర నుంచి పదకొండు డాలర్లు దాటింది. అయితే నెపమంతా చమురు మీద వేయడం సరికాదు. ధరల సెగ అంతకు ముందే రాజుకుంది. 1971 ఆగస్టులో అధ్యక్షుడు నిక్సన్ డాలరుకూ బంగారానికీ ఉన్న లంకె తెంచేశాడు, అదే రోజు జీతాలనూ ధరలనూ 90 రోజుల పాటు కదలకుండా బిగించాడు. 1972 ఎన్నికల ముందు డబ్బు తేలికగా ఉండాలని అమెరికా కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వ్ చైర్మన్ ఆర్థర్ బర్న్స్ మీద ఒత్తిడి తెచ్చాడు. ఆ మాటలు శ్వేతసౌధం టేపుల్లో రికార్డయి ఉన్నాయి. ధరల మీద మూత తీసేసరికి లోపల మరుగుతున్నదంతా పొంగింది, సరిగ్గా అప్పుడే చమురు దెబ్బ కూడా తగిలింది.

1974 చివరికి అమెరికాలో ధరలు ఏడాదికి 12 శాతం పెరుగుతున్నాయి. 1975 మే నాటికి నిరుద్యోగం 9 శాతానికి చేరింది. ఏ జబ్బుకు ముందు మందు వేయాలి? 1974 మధ్యలో 13 శాతం దాకా వెళ్లిన వడ్డీని, మాంద్యం ముదిరేసరికి, బర్న్స్ ఏడాది తిరక్కుండానే సగానికి పైగా తగ్గించాడు. వినడానికి అది దయగల నిర్ణయమే. కానీ ధరలు 9 శాతం పెరుగుతున్నప్పుడు 6 శాతానికి అప్పు దొరికితే, అప్పు చేసి సరుకు దాచుకున్నవాడే లాభపడతాడు. ధరల పెరుగుదల 1976లో 5 శాతం దగ్గరికి దిగి అక్కడే ఆగింది, మళ్లీ ఎక్కడం మొదలుపెట్టింది. 1979లో ఇరాన్ విప్లవంతో చమురు రెండోసారి ఎగిసింది. 1980 మార్చికి ధరల పెరుగుదల 14 శాతం దాటింది.

బర్న్స్‌ను బలహీనుడని తీసిపారేయడం నాకిష్టం లేదు. ఆయనకు ఎదురైన ఒక చిక్కు ఇప్పటి కేంద్ర బ్యాంకులకూ ఉంది. ఎదుగుదల తగ్గినప్పుడు అది గిరాకీ లేక తగ్గిందా, దేశానికి ఉత్పత్తి చేసే శక్తే తగ్గిందా అన్నది ఆ రోజు కాగితాల్లో కనిపించదు. 1973 తర్వాత అమెరికాలో ఒక్కో కార్మికుడి ఉత్పాదకత పెరిగే వేగం బాగా మందగించింది. అది తేలడానికి ఏళ్లు పట్టింది. యంత్రాలు ఖాళీగా ఉన్నాయి, కాస్త డబ్బు వదిలితే తిరుగుతాయి అని ఫెడరల్ రిజర్వ్ లెక్కలు వేసింది. నిజానికి అంత ఖాళీ లేదు. మన వర్క్‌షాపులో లేత్ మెషిన్ ఆగి ఉంది, నిజమే. ఆర్డరు లేక ఆగిందా, ఇనుము లేక ఆగిందా అన్నది మెషిన్‌ని చూస్తే తెలియదు. ఇనుము లేక ఆగినవాడికి మనం ఆర్డరు ఇస్తే ధర పెరుగుతుంది తప్ప మెషిన్ తిరగదు.

అంతకంటే లోతైన చిక్కు జనం మనసులో ఉంటుంది. ఒకసారి చమురు పెరిగితే ధరలన్నీ ఒక మెట్టు ఎక్కి ఆగాలి. వచ్చే ఏడాది కూడా ఇలాగే పెరుగుతాయని అందరూ అనుకోవడం మొదలైతే మాత్రం ఆగవు. కార్మిక సంఘం ముందుగానే ఎక్కువ జీతం అడుగుతుంది, యజమాని ముందుగానే ధర పెంచుతాడు, ఇంటాయన అద్దె ఒప్పందంలోనే పెంపు రాయించుకుంటాడు. ఇక కొత్త దెబ్బ ఏదీ తగలకపోయినా ధరలు తమంతట తామే నడుస్తాయి. జబ్బు అక్కడిదాకా వచ్చాక దించడానికి అయ్యే ఖర్చు ఎంతో పాల్ వోల్కర్ కాలం చూపించింది.

1979 ఆగస్టులో ఫెడరల్ రిజర్వ్ చైర్మన్ అయిన వోల్కర్, ఆ అక్టోబరు 6న పద్ధతి మార్చి డబ్బు సరఫరానే బిగించాడు. వడ్డీ దాదాపు 20 శాతానికి వెళ్లింది. 1980 వసంతంలో ఒకసారి పట్టు సడలిస్తే ధరలు లొంగలేదు, జనం నమ్మలేదు. మళ్లీ బిగించాడు. ఇళ్లు కట్టేవాళ్లు పని లేక మిగిలిపోయిన కలప ముక్కలను ఫెడరల్ రిజర్వ్‌కు పోస్టులో పంపారు. రైతులు ట్రాక్టర్లతో వాషింగ్టన్ వచ్చి ఆ భవనాన్ని చుట్టుముట్టారు. 1982 చివరికి నిరుద్యోగం 10.8 శాతం. ధరల పెరుగుదల మాత్రం 1983 నాటికి 4 శాతం లోపుకు దిగింది. పదేళ్ల సందిగ్ధానికి కట్టిన మూల్యం అది. ఆ మూల్యం కట్టింది ఫ్యాక్టరీ కార్మికులు, అప్పున్న రైతులు.

మనకు ఈ రోగం తెలియదనుకోవద్దు. 1972లో వానలు మొహం చాటేశాయి, మరుసటి ఏడాది చమురు దెబ్బ తగిలింది. 1974-75లో టోకు ధరలు సగటున పాతిక శాతం పెరిగాయి, ఎదుగుదల ఒకటీ అరా శాతానికి పడింది. రిజర్వు బ్యాంకు 1974 జూలైలో బ్యాంకు రేటును 7 నుంచి 9 శాతానికి పెంచింది. ఆ నెలలోనే కేంద్ర ప్రభుత్వం పెరిగిన డీఏలో సగాన్ని ఉద్యోగుల చేతికివ్వకుండా నిర్బంధ డిపాజిట్‌గా జమ చేసే ఆర్డినెన్స్ తెచ్చింది. మా నాన్నగారు హైస్కూలు మాస్టారు. జీతం రోజు రాత్రి అమ్మ ముందు కాగితం పెట్టి, "పెరిగింది ఇదీ, ఇచ్చింది ఇదీ" అంటూ రెండు అంకెల కింద పెన్సిలుతో గీత గీయడం నాకు బాగా గుర్తుంది. ఆ నెలల్లో మా ఇంట్లో కందిపప్పు బదులు పెసరపప్పు, అది కూడా పలచగా ఉండేది.

ఆశ్చర్యం ఏమిటంటే, అమెరికాకు పదేళ్లు పట్టిన పని ఇక్కడ ఏడాదిలో అయిపోయింది. 1975-76లో టోకు ధరలు పెరగకపోగా కొద్దిగా తగ్గాయి. వడ్డీ ఒక్కటే ఆ పని చేయలేదు. 1975లో వానలు బాగా కురిసి పంట వచ్చింది, అంటే సరఫరానే తిరిగి వచ్చింది. జీతాలూ ధరలూ ఒకదాన్నొకటి తరుముకునే గొలుసును ప్రభుత్వం ముందే, మొరటుగా, తెంచేసింది. ఆ పద్ధతి న్యాయమైనదని నేననను. సరుకు దాచినవాడి కంటే మా నాన్నలాంటి జీతగాడి దగ్గర పట్టుకోవడం సులువు కాబట్టి అక్కడ పట్టుకున్నారు.

దెబ్బ తగిలిన ప్రతిసారీ వడ్డీ పెంచాలని కూడా నేను అనడం లేదు. 2023 జూలైలో టమాటా ఎలా ఎగిసిందో మదనపల్లె మార్కెట్టు ఎరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ నెల చిల్లర ధరల పెరుగుదల 7.44 శాతానికి వెళ్లింది. రిజర్వు బ్యాంకు తాను బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీని, అంటే రెపో రేటును, 6.50 దగ్గరే ఉంచింది. కొత్త పంట వచ్చింది, సెప్టెంబరుకల్లా అంకె 5 శాతానికి దిగింది. ఆ సంయమనం సరైనదే. కాకపోతే అది సాధ్యపడింది, అంతకు ముందు ఏడాది మే నుంచి ఆ ఫిబ్రవరి దాకా రెపోను 4 నుంచి 6.50కి పెంచి ఉంచారు కాబట్టే. ఒక కూరగాయ ధర పెరిగిందని జనం రేపటి జీతం, అద్దె, ఫీజు లెక్కలు మార్చుకోలేదు.

అందుకే మీకో విన్నపం. రిజర్వు బ్యాంకు ప్రతి సమీక్షకూ ముందు హైదరాబాద్ సహా అనేక నగరాల్లో ఇళ్లకు వెళ్లి, మూడు నెలల తర్వాత, ఏడాది తర్వాత ధరలు ఎంత పెరుగుతాయనుకుంటున్నారని అడిగి ఆ సర్వే ఫలితాలు ప్రకటిస్తుంది. జనం చెప్పే అంకె సర్కారు అంకె కంటే సాధారణంగా ఎక్కువే ఉంటుంది కాబట్టి, చూడాల్సింది అది పైకి వెళ్తోందా కిందికి దిగుతోందా అన్నది. రెపో రేటు వార్త మొదటి పేజీలో వేసిన రోజు, దాని పక్కనే ఆ అంకెను, కిందటిసారి అంకెతో కలిపి, నాలుగు లైన్లలో వేయండి. వడ్డీ తగ్గించమనేవాళ్లూ పెంచమనేవాళ్లూ ముందు దాన్ని చూసి వాదించుకుంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
విజయవాడ