నాన్నగారి సిమ్ అప్పుడే తీసేయకురా

ఒరేయ్ శీనూ,

నాన్నగారు పోయాక ఆయన నంబర్‌కి రీచార్జ్ అయిపోతోంది, వదిలేద్దామా అని అడిగావుగా, వద్దురా, ఒక్క ఏడాది ఉంచు. ఎందుకంటే ఏడాదికోసారి కట్టయ్యే డబ్బుల మెసేజ్‌లు అన్నీ ఒక చుట్టు వచ్చిపోవాలి, మనకి తెలియని పాలసీలు బయటపడేది అక్కడే.

మా బాబాయ్ సంగతే చూడు. యాభై మూడేళ్లు, చిన్న కిరాణా కొట్టు, ఇన్సూరెన్స్ అనే మాటే ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు. ఆయన పోయాక ఫోన్‌లో పాత మెసేజ్‌లు వెతుకుతుంటే ప్రతి మే నెలాఖర్లో బ్యాంకు 436 రూపాయలు కట్ చేసినట్టు కనపడింది. అది ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా, చావు ఏ కారణంతో వచ్చినా నామినీకి 2 లక్షలు. బ్యాంకులో పిన్ని క్లెయిమ్ ఫారం, డెత్ సర్టిఫికెట్ ఇస్తే డబ్బొచ్చింది, ఆ మెసేజ్ లేకపోతే ఎవరికి తెలుస్తుంది చెప్పు! నువ్వూ మెసేజ్‌ల్లో premium, debited, folio, NACH అని కొట్టి వెతుకు. 20 రూపాయలు కట్ అయితే అది ప్రమాద బీమా, నాన్నగారిది గుండెపోటు కాబట్టి దాంతో పని లేదు.

ఓటీపీ నీ చేతికే వస్తోంది కదా అని ఫోన్‌పేలోనో ఏటీఎంలోనో డబ్బు మాత్రం తీయకు, నువ్వు నామినీవైనా సరే. రేపు అక్కావాళ్లు అడిగినా, బ్యాంకు అడిగినా జవాబు ఉండదు. ఆయన పోయాక కూడా పెన్షన్ పడినట్టు మెసేజ్ వస్తే దాన్నీ ముట్టుకోకు, వెనక్కి తీసుకుంటారు. బ్యాంకుకి చెప్పి నామినీ క్లెయిమ్ పెట్టుకోవడమే, జాయింట్ అకౌంట్‌లో ఐదర్ ఆర్ సర్వైవర్, అంటే ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవాళ్లు నడుపుకోవచ్చు అని ఉంటే మాత్రం అమ్మకి సులువు.

ఇంకోటి, అసలు తలనొప్పి ఇదే. మన ఇళ్లల్లో అందరికీ నాన్న నంబరే ఇస్తాం కదా, అమ్మ ఆధార్‌కి, అమ్మ బ్యాంకుకి, గ్యాస్‌కి అన్నిటికీ అదే ఉంటుంది. అవన్నీ మార్చాకే సిమ్ సంగతి. ఆధార్‌కి అమ్మని సెంటర్‌కి తీసుకెళ్తే నంబర్ మారుస్తారు, అక్కడ వేలిముద్ర అడుగుతారు.

ప్రీపెయిడ్ నంబర్ 90 రోజులు అస్సలు వాడకపోతే కంపెనీ ఆపేయొచ్చు, ఆపాక ఇంకో 90 రోజులు ఆగి వేరేవాళ్లకి ఇచ్చేయొచ్చు, అప్పుడు అమ్మ ఓటీపీలన్నీ ఎవడికో పోతాయి. కాబట్టి రీచార్జ్ చేసి, అప్పుడప్పుడూ ఆ ఫోన్ నుంచి నాకో కాల్ కొట్టు. వాట్సాప్ అయితే 120 రోజులు వాడకపోతే అకౌంటే పోతుంది, ఆయన వాయిస్ మెసేజ్‌లు ఉంటే ముందే వేరేచోట దాచుకో.

అమ్మకి ఆ నంబర్ వదలబుద్ధి కాకపోతే డెత్ సర్టిఫికెట్ పట్టుకుని కంపెనీ స్టోర్‌కి వెళ్లండి, అమ్మ పేరు మీదకి మారుస్తారు, కాకపోతే అందులోంచి ఆయన బ్యాంకు లింకులు తీసేశాకే.

అర్థంకాని మెసేజ్ ఏదైనా ఉంటే ఫోటో తీసి పెట్టు, ఓటీపీలు ఉన్నవి తప్ప.

నీ రాజుగాడు