‘సింప్’ అనే మాటకు అసలు అర్థం ఏమిటి?

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల ఎనిమిదో తరగతిలో ఒక గొడవ జరిగింది. ప్రాజెక్టు పనిలో తోటి అమ్మాయికి సాయం చేసిన అబ్బాయిని ఇంకో అబ్బాయి అందరి ముందూ ‘సింప్’ అన్నాడు. అన్నవాడికి అది సరదా మాట. పడ్డవాడు ఇంటికెళ్లి ఫోన్‌లో అర్థం వెతికాడు. అర్బన్ డిక్షనరీలో అతనికి కనిపించిన వివరణ ప్రకారం ఆ మాట కొన్ని ఇంగ్లిష్ పదాల పొడి అక్షరాలతో పుట్టింది, వాటిలో చివరి పదం పచ్చి బూతు. మర్నాడు వాళ్ల అమ్మగారు ఆ పేజీని నాకు చూపించారు. ఆమె కోపంలో తప్పేమీ లేదు. నేను కూడా అది చదివి, ఆ మాట అన్న పిల్లవాడి ఇంటికి ఉత్తరం రాయబోయాను. కానీ బూతు మాట్లాడాడని ఒక పిల్లవాడి మీద రాతపూర్వకంగా నింద వేసే ముందు, ఆ అర్థం నిజమో కాదో చూడాలనిపించింది.

అర్బన్ డిక్షనరీని 1999లో ఆరన్ పెకమ్ అనే కాలేజీ విద్యార్థి మొదలుపెట్టాడు. మామూలు నిఘంటువులను ఆటపట్టించడానికి పెట్టిన సైటు అది. అందులో ఎవరైనా ఏ మాటకైనా అర్థం రాసి పంపవచ్చు. చదివినవాళ్లు నచ్చిందనో నచ్చలేదనో ఓటు వేస్తారు. చిక్కంతా ఇక్కడే ఉంది. నవ్వు తెప్పించిన వివరణకూ ఓట్లు పడతాయి, సరైన వివరణకూ పడతాయి. ఆ అంకె చూసి ఏది ఎందుకు పైకి వచ్చిందో చెప్పలేం. అందుకే మొదటి వివరణ దగ్గర ఆగకుండా కిందికి వెళ్లి ఓ పది చదవాలి. ప్రతిదాని కిందా రాసిన తేదీ ఉంటుంది, అది కూడా చూడాలి. వేర్వేరు ఏళ్లలో వేర్వేరు మనుషులు రాసినవాటిలో ఏ భావం మళ్లీ మళ్లీ వస్తోందో గమనించాలి. నేను అలా చదివితే తేలింది ఇది: ఒక అమ్మాయి మెప్పు కోసం అతిగా వెంపర్లాడే అబ్బాయిని వెక్కిరించే మాట. బూతు కథ కొందరిదే.

ఆ కథ ఎక్కడిదో తెలుసుకోవడానికి గ్రీన్స్ డిక్షనరీ ఆఫ్ స్లాంగ్ తెరిచాను. జోనథన్ గ్రీన్ అనే బ్రిటిష్ నిఘంటుకారుడు దశాబ్దాల పాటు కూర్చినది, ఆన్‌లైన్‌లోనూ ఉంది. ప్రతి అర్థానికీ ఆ మాట అచ్చులో ఎక్కడ, ఏ సంవత్సరంలో కనిపించిందో ఇస్తాడు. సింప్ అనేది ‘సింపుల్టన్’కు కురచ రూపం, అంటే తెలివితక్కువవాడు. వందేళ్లకు పైగా వాడుకలో ఉన్న మాట. ఇప్పటి భావం తర్వాత వచ్చి చేరింది. పొడి అక్షరాల కథ పాత మాటకు ఎవరో అతికించినది. యాస మాటల పుట్టుక గురించి ఇలాంటి పొడి అక్షరాల కథ ఎక్కడ కనబడినా ముందు అనుమానించండి. జనం రాసే నిఘంటువులు ఒక మాటను ఇప్పుడు ఎలా వాడుతున్నారో కొంతవరకు చెప్పగలవు కానీ, అది ఎలా పుట్టిందో చెప్పడంలో తరచూ తప్పుతాయి.

చివరిగా చూడాల్సింది వాడుక. అర్థం చెప్పడానికి కాకుండా, మామూలుగా మాట్లాడుతూ ఆ మాట వాడిన వాక్యాలు వెతకాలి. విక్షనరీ కూడా జనం రాసే ఆన్‌లైన్ నిఘంటువే అయినా, ఇంగ్లిష్ మాటల విషయంలో మంచి నియమం పెట్టుకుంది: ఒక అర్థాన్ని ఎవరైనా ప్రశ్నిస్తే, ఒకరితో ఒకరికి సంబంధం లేని మూడు వాడుకలు చూపించాలి, వాటిలో మొదటిదానికీ చివరిదానికీ మధ్య కనీసం ఏడాది వ్యవధి ఉండాలి. మనం కూడా అలాగే చూడవచ్చు. ఒక్క జాగ్రత్త, మూడు సైట్లలో ఒకే వాక్యం అచ్చుగుద్దినట్టు ఉంటే అవి మూడు కావు. ఒకదాన్ని చూసి మిగతావి ఎత్తి రాశాయన్నమాట.

బూతు కాదని తేలినంత మాత్రాన ఆ మాట మంచిదైపోదు. ఆటల వీడియోల సైటు ట్విచ్ 2020 డిసెంబరులో, ఎదుటివారిని తిట్టడానికి ‘సింప్’ అని వాడితే చర్య తీసుకుంటామని ప్రకటించింది. అందుకని ఆ పిల్లవాడిని పిలిచి బూతు గురించి ఒక్క మాటా అడగలేదు. సాయం చేసినందుకు ఒకరిని ఎందుకు చిన్నబుచ్చావని అడిగాను. కాసేపు తల దించుకున్నాడు. సాయంత్రం బస్సు ఎక్కే ముందు తనే వెళ్లి అతనికి సారీ చెప్పాడు. ఆ అమ్మగారికి నేను చూసిన పేజీలన్నీ చూపించాను.

ఈ పద్ధతికి దొరకని మాటలూ ఉంటాయి. రెండు మూడు నెలల కిందట పుట్టిన మాట గ్రీన్ దగ్గర ఉండకపోవచ్చు. ఒక్క తరగతిలోనే తిరిగే మాట ఎక్కడా ఉండదు. అప్పుడు మీ పిల్లలనే అడగండి: ఎవరు, ఎవరిని, ఏ సందర్భంలో అన్నారు, విన్నవాళ్లు నవ్వారా, నొచ్చుకున్నారా? అది తేలేదాకా ఇంట్లో ఎవరూ, సరదాకైనా, ఆ మాట వాడకండి. మీకు అర్థం కాని మాట ఏదైనా ఉంటే డైరీలో రాసి పంపండి, క్లాస్ టీచర్‌తో కలిసి నేను చూస్తాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు