చార్ ఎందుకమ్మా, ఏక్ చాలు

సంపాదకులకు,

భోజనాల దగ్గర మా అమ్మాయి "నాన్నా, చారు పోయనా?" అంటే నేను "చార్ ఎందుకమ్మా, ఏక్ చాలు" అంటాను. ఆరేళ్లప్పుడు ఒకే మాటకు తెలుగులో ఒకటి, హిందీలో నాలుగు అని ఇంకొకటి, రెండు అర్థాలున్నాయని తెలిసి పడీపడీ నవ్వేది, ఇప్పుడు పదమూడేళ్లు, "అబ్బా నాన్నా!" అని తల పట్టుకుంటుంది. నాకు కావాల్సిందీ అదే. జోకు పేలకపోతే పరువు పోయేది నాది, నన్ను వెక్కిరించే చనువు తనది. ఒకసారి జోకు తన మార్కుల మీదికి మళ్లించాను, ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. స్నేహితుల ముందు కూడా వేయను. మొన్న పరీక్షల టెన్షన్‌తో మూతి ముడుచుకుని కూర్చుంటే నేనూ ఊరుకున్నాను. కాసేపటికి తనే గిన్నె పట్టుకొచ్చి, "ఏక్ పోయనా?" అంది.

— ఒక తండ్రి, హైదరాబాద్