గుర్తు ఆరినా బెల్టు ఎందుకో చెప్పండి

విమానంలో సీటు బెల్టు గుర్తు ఆరిపోగానే సగం మంది బెల్టు విప్పేస్తున్నారు, ఎందుకు విప్పకూడదో వారికి ఎవరూ చెప్పడం లేదు. జనవరిలో శంషాబాద్ నుంచి ఢిల్లీ వెళ్తున్నాను. ఇంకా అరగంట ప్రయాణం ఉంది, బయట మబ్బు తునక లేదు. ఒక్క కుదుపుకు పక్క సీట్లోని దేవరకొండ పెద్దాయన చేతిలో టీ ఎగిరి ఆయన పంచె మీదే పడింది, బెల్టు లేని ఆయన జానెడు పైకి లేచి కూలబడ్డారు. ‘మబ్బే లేదు, ఈ గుంతలేంది బిడ్డా’ అన్నారు. న్యాయమైన ప్రశ్నే. చలికాలంలో ఉత్తర భారతం మీద సుమారు 12 కిలోమీటర్ల ఎత్తున జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం తరచూ గంటకు 200 కిలోమీటర్లు దాటి వీస్తుంది. దాని అంచుల్లో కొద్ది ఎత్తు తేడాకే గాలి వేగం బాగా మారుతుంది. వేగంగా కదిలే పొర నెమ్మదిగా కదిలే పొర మీద జారితే గాలిలో అలలు లేచి విరుగుతాయి, విమానం వాటిలో పడుతుంది. విమానంలోని రాడార్ వాన చినుకులకు తగిలి తిరిగొచ్చే తరంగాలనే చూస్తుంది. ఈ పొడిగాలిలో చినుకే ఉండదు. ముందు వెళ్లిన విమానం రేడియోలో చెబితే తప్ప పైలట్‌కు చాలాసార్లు కుదుపు మొదలయ్యాకే తెలుస్తుంది, గుర్తు వెలిగేదీ అప్పుడే. 1997 డిసెంబరులో పసిఫిక్ మీద ఇలాంటి కుదుపుకే బెల్టు లేని ప్రయాణికురాలు చనిపోయారు. శంషాబాద్ విమానాల్లో ఈ కారణాన్ని తెలుగులో రెండు వాక్యాల్లో, గుర్తు ఆర్పే ముందే చెప్పించాలి.

– ఒక పాఠకుడు, నల్లగొండ