శివరాత్రి అన్నదానానికి కృష్ణా నీళ్ల సంపు: దాతలకు, సేవకులకు ధన్యవాదాలు, ఒక విజ్ఞప్తి

శ్రీ రామలింగేశ్వర స్వామి వారి శివరాత్రి ఉత్సవాలకు వచ్చిన అమ్మలకు, అయ్యలకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు దేవాలయ కమిటీ తరఫున కార్యదర్శిగా నా నమస్కారాలు. రాత్రంతా జాగరణ చేసి, పొద్దున తానం చేసి, ఉపవాసం విడవడానికి ఇప్పుడు బంతి మీద కూర్చోబోతున్నారు. హైదరాబాద్ నుంచి, సూరత్ నుంచి, భివండి నుంచి పండక్కి ఇల్లు చేరిన మన ఊరి పిల్లలకు ప్రత్యేకంగా స్వాగతం. మీరంతా వస్తేనే ఈ గుడి ముందు జాగ నిండినట్టు ఉంటది.

ముందు బియ్యం సంగతి చెప్తాను. వానాకాలం వడ్లు ఇంటికి రాగానే రైతులు ఎవరికి తోచినంత వాళ్లు స్వామికి బియ్యం ఇచ్చారు. ఎకరం భూమి ఉన్న వాళ్లు కూడా అరబస్తా తెచ్చి మండపంలో పెట్టి పోయారు. కొందరు తమ పేరు రాయొద్దన్నారు. అయితే కార్తీకంలో కోసిన వడ్ల బియ్యం మాఘానికి ఇంకా కొత్తవే. కొత్త బియ్యం తొందరగా మెత్తబడతాయి, ముద్దకడతాయి, అన్నం కూడా తక్కువ అవుతుంది. పెద్ద గుండిగలో అయితే అడుగున పిండి అయిపోయి పైన పలుకు మిగులుతుంది. అందుకని మన దగ్గరి రైస్ మిల్లు యజమానిని అడిగాం. ఆయన మన కొత్త బియ్యం తీసుకుని, తన దగ్గరున్న పోయిన యాసంగి సన్నబియ్యం తూకానికి తూకం ఇచ్చారు. పాత బియ్యానికి ధర ఎక్కువ. ఆ తేడా ఆయన అడగలేదు. ఈ రోజు మీ ఇస్తరాకులో పడే అన్నం పొడిపొడిగా ఉంటే అందులో ఎకరం రైతు పుణ్యం ఎంతో ఆ మిల్లు యజమాని పుణ్యం కూడా అంతే.

వంట దగ్గర నిన్న సాయంత్రం నుంచి నిలబడిన వాళ్ల గురించి ఒక మాట. కూరగాయలు తరిగిన మహిళా సంఘాల అక్కలు, పొయ్యిల కాడ సెగకు ఓర్చుకున్న వంట మాస్టర్లు, ఆకులు ఎత్తే పిల్లలు, వీళ్లెవరూ జాగరణలో పాటలు వినలేదు, స్వామి కల్యాణం కళ్లారా చూడలేదు. వడ్డించే వాళ్లు ఆఖరి బంతి లేచినంక తింటారు. దయచేసి వాళ్లకు కూర మిగిలేలా అడిగి పెట్టించుకోండి, ఆకులో వదిలిపెట్టకండి. మన దగ్గర మొదటి నుంచీ అందరికీ ఒకటే బంతి. ఎవరికీ వేరే వరుస లేదు, ఇక ముందూ ఉండదు.

ఇప్పుడు అసలు విషయం, నీళ్లు.

మన మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోరు నీళ్లలో ఏముందో ఎవరికీ చెప్పనవసరం లేదు. నడుము వంగిన పెద్దమనుషులు ప్రతి వాడలో ఉన్నారు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. మన గుడి బోరు నీళ్లను ల్యాబ్‌కు పంపితే దాదాపు రెండింతలు వచ్చింది. ఇళ్లలో మిషన్ భగీరథ నల్లాలు వచ్చినప్పటి నుంచి మనం నాగార్జునసాగర్ నుంచి వచ్చే కృష్ణా నీళ్లే తాగుతున్నాం, అవే వండుకుంటున్నాం. కానీ గుడిలో మాత్రం ఇప్పటికీ బోరు నల్లానే ఉంది. పక్కనే ఉన్న బడి పిల్లలు మధ్యాహ్నం ఆ నల్లా దగ్గరే నోరు పెట్టి తాగుతారు.

కొంతమంది అంటున్నారు, నీళ్లు మరిగితే దోషం పోతుంది కదా అని. సూక్ష్మక్రిములు చచ్చిపోతాయి, నిజమే. ఫ్లోరైడ్ పోదు. మరిగే కొద్దీ నీళ్లు ఆవిరై, మిగిలిన నీళ్లలో అది ఇంకా చిక్కబడుతుంది. పప్పు, చారు మరిగిన నీళ్లన్నీ మన కడుపులోకే పోతాయి. ఇంకొందరు పప్పును బట్టి చెప్తారు. కందిపప్పు మెత్తగా ఉడికితే నీళ్లు మంచివని, ఉడకకపోతే చెడ్డవని అంటారు. పప్పు ఉడకకపోవడానికి కారణం నీళ్లలోని సున్నం, అంటే కాఠిన్యం. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లలో కూడా పప్పు చక్కగా ఉడకవచ్చు. దానికి రుచి లేదు, రంగు లేదు, వాసన లేదు. పరీక్ష చేస్తే తప్ప తెలియదు. ఊళ్లో వాడే చిన్న కిట్‌లో మందు చుక్కలు వేస్తే గులాబీ రంగు పసుపు వైపు తిరిగిందంటే ఫ్లోరైడ్ ఉన్నట్టు. ఎంత ఉందో కచ్చితంగా తెలియాలంటే ల్యాబ్‌కే పంపాలి.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. సంవత్సరానికి ఒక్క పూట ఆ నీళ్లతో వండిన అన్నం తింటే ఎవరికీ ఏమీ కాదు. ఫ్లోరోసిస్ ఏళ్ల తరబడి రోజూ తాగితే వచ్చేది. భయపెట్టి చందా అడగడం నాకు ఇష్టం లేదు. కానీ బడి పిల్లలు తాగేది రోజూ. పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు పడేది చిగుళ్ల లోపల పళ్లు తయారయ్యే వయసులోనే, సుమారు ఎనిమిదేళ్ల లోపే. అప్పుడు పడ్డ మచ్చ జీవితాంతం పోదు. అర్చకుల ఇంటి వాళ్లు కూడా ఆ బోరు నీళ్ల మీదే ఉన్నారు. కార్తీక సోమవారాల్లో అన్నదానం ఉంటుంది, దానికీ ఇవే నీళ్లు. స్వామి ప్రసాదం అని కళ్లకద్దుకుని తినే అన్నం మన ఇళ్లలో వండే నీళ్లకంటే తక్కువ నీళ్లతో ఎందుకు వండాలి?

పోయిన ఏడు ట్యాంకర్ తెప్పించాం. మంచినీళ్లని చెప్పి పోసి పోయారు. మన కమిటీలోని ఒక తమ్ముడికి అనుమానం వచ్చి కిట్‌తో చూస్తే రంగు మారింది. ఎవరిదో వ్యవసాయ బోరు దగ్గర నింపుకొచ్చారు. ఆ నీళ్లు గిన్నెలు కడగడానికి వాడి, వంటకు ఇళ్ల నుంచి బిందెలతో మోశాం. ఈ సంవత్సరం కూడా బిందెలే. నిన్న పొద్దున నల్లా వచ్చినప్పుడు తమ ఇంటికి పట్టుకోకుండా ముందు గుడికి రెండు బిందెలు ఇచ్చిన ప్రతి తల్లికీ చేతులెత్తి మొక్కుతున్నాను. కానీ ప్రతి ఏడూ ఇలా మోయించడం న్యాయం కాదు.

అందుకే గుడి ఈశాన్యం వైపు, వంటశాలకు దగ్గరగా ఒక సంపు కట్టాలని కమిటీ నిర్ణయించింది. ఎంత పెద్దది కావాలో లెక్క వేశాం. మన అన్నదానానికి సుమారు 3,500 మంది వస్తారు. క్వింటాల్ బియ్యం 700 మందికి వస్తుంది కాబట్టి 5 క్వింటాళ్లు వండాలి. గంజి వార్చే పద్ధతిలో కిలోకు 4 లీటర్ల ఎసరు, అంటే 2,000 లీటర్లు. బియ్యం రెండుసార్లు కడగడానికి ఇంకో 2,000. పప్పు, చారు కలిపి 700. తాగడానికి మనిషికి ఒక లీటర్ చొప్పున 3,500. కూరగాయలు, మజ్జిగ కలిపితే 9,000 దాకా పోతుంది. కాబట్టి 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, 5 అడుగుల లోతు సంపు కావాలి. ఇంచుమించు 10,000 లీటర్లు పడతాయి.

పెద్ద సంపు ఎందుకు, పండగ రోజే నింపుకోవచ్చు కదా అని అడగవచ్చు. అరంగుళం నల్లాకు మన దగ్గర వచ్చే ఒత్తిడికి నిమిషానికి పది లీటర్లు వస్తే గొప్ప. రోజుకు గంటన్నర వదులుతారు. అంటే రోజుకు 900 లీటర్లు. సంపు నిండడానికి పదకొండు రోజులు పడుతుంది. అన్ని రోజులు నిలవున్న నీళ్లలో క్లోరిన్ తగ్గిపోతుంది. కాబట్టి వంటకు ముందు రోజు 25 గ్రాముల బ్లీచింగ్ పౌడర్‌ను బకెట్ నీళ్లలో కలిపి, తేరిన పై నీళ్లు మాత్రమే సంపులో పోయాలి. మిగతా రోజుల్లో బడి పిల్లల నల్లాకు, అర్చకుల ఇంటికి ఈ సంపు నీళ్లే పోతాయి. నీళ్లు రోజూ కదులుతూ ఉంటాయి, మురిగిపోవు.

ఒక్క విషయంలో మాత్రం పట్టుదలగా ఉన్నాం. బోరు పైపును సంపుకు కలపకూడదు. మధ్యలో వాల్వ్ పెట్టుకుంటే చాలదా అని కొందరు అన్నారు. నల్లా రాని రోజున ఎవరో ఒకరు తొందరపడి ఆ వాల్వ్ తిప్పుతారు, అంతటితో సంపు కట్టిన ఫలితం పోతుంది. బోరు లైను గిన్నెలకు, కాళ్లు కడుక్కోవడానికి, చెట్లకు. దాని నల్లాలకు ఎర్ర రంగు వేస్తాం. సంపు లైను పూర్తిగా వేరు, దానికి నీలం రంగు. సంపు మూత నేలకంటే జానెడు ఎత్తున ఉంటుంది, వాన నీళ్లు లోపలికి రాకుండా.

మేస్త్రీ వేసిన అంచనా ప్రకారం తవ్వకం, కంకర పని, పైపులు, మోటారు కలిపి 2 లక్షల 40 వేలు. ఈ ఉత్సవాల చందాలో ఖర్చులు పోను 70 వేలు మిగులుతాయి. ఇంకా 1 లక్షా 70 వేలు కావాలి. హుండీ డబ్బు దీనికి తీయం. అది నిత్య పూజకు, దీపానికి ఉన్నది. డబ్బు ఇచ్చేవాళ్లు మండపంలో కూర్చున్న కోశాధికారి దగ్గర రసీదు తీసుకోండి. ఫోన్‌లో పంపేవాళ్లు కూడా దేవాలయ ఖాతాకే పంపండి, కమిటీ సభ్యుల సొంత నంబర్లకు ఎవరూ పంపొద్దు. మన గుడికి 80జీ లేదు, కాబట్టి ఈ విరాళానికి పన్ను మినహాయింపు రాదు. ఉద్యోగం చేసే తమ్ముళ్లు ముందే తెలుసుకోవాలని చెప్తున్నాను.

డబ్బే ఇవ్వాలని లేదు. సిమెంట్ బస్తాలు, సలాక, ట్రాక్టర్ ఇసుక ఏదైనా తీసుకుంటాం. సిమెంట్ మాత్రం ఇప్పుడే తెచ్చి పెట్టకండి, పని మొదలయ్యే వారం తెస్తే చాలు, నిలవుంటే గడ్డకడుతుంది. రెండు రోజులు పార పట్టేవాళ్లు చేసింది కూడా విరాళమే. సంపు పక్కన ఒకే రాయి వేస్తాం. అందులో పేర్లు అక్షర క్రమంలో ఉంటాయి, ఎదురుగా అంకెలు ఉండవు. లక్ష ఇచ్చినవారు, తట్ట మోసినవారు ఒకే వరుసలో.

ఉగాది వెళ్లగానే తవ్వకం మొదలుపెడతాం. వానలకు ముందే గోడలు లేవాలి. కట్టినంక మూడు వారాలు నీళ్లతో క్యూరింగ్ చేసి, ఆ నీళ్లు పారబోసి, రెండోసారి నింపిన నీళ్లను ల్యాబ్‌కు పంపుతాం. ఆ రిపోర్టును, ఖర్చుల లెక్కను గుడి గోడ మీద అతికిస్తాం. కార్తీక మాసం మొదటి సోమవారం అన్నదానం ఆ నీళ్లతోనే వండాలని మా ఆశ. పని చేసే పిల్లల పేర్లు ఈ రోజు సాయంత్రం లోపు రాయించండి. ఇక మొదటి బంతికి కూర్చోండి, పెద్దవాళ్లను, చిన్నపిల్లల తల్లులను ముందు కూర్చోనివ్వండి.